మార్జిన్ పాజిటివ్ వచ్చిన బుగ్గ క్యాన్సర్: మళ్లీ ఆపరేషన్ ఎప్పుడు, కరెంటు ఎప్పుడు

సంక్షిప్తంగా: ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్క అంచుదాకా క్యాన్సర్ కణాలు కనబడితే దాన్ని మార్జిన్ పాజిటివ్ అంటారు. క్యాన్సర్ మొత్తం లోపలే మిగిలిపోయిందని దానర్థం కాదు. అయితే వదిలేసి ఊరుకునే విషయమూ కాదు. మిగిలిన చోటు కచ్చితంగా తెలిసి, అక్కడికి చెయ్యి చేరగలిగితే మళ్లీ ఆపరేషన్ చేస్తారు. చేరలేకపోతే రేడియేషన్, అంటే వాడుకలో కరెంటు, దాంతోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇంజెక్షన్ ఇస్తారు. ఏది చేసినా మొదటి ఆపరేషన్ రోజు నుంచి లెక్కపెట్టే గడువు ఒకటి ఉంటుంది.

ఆపరేషన్ అయిన పది, పన్నెండు రోజులకు పాథాలజీ రిపోర్టు చేతికొస్తుంది. మూడు నాలుగు పేజీల ఇంగ్లిషు. ఒంగోలులోనో కావలిలోనో ఉన్న బంధువుల్లో చదువుకున్నవాళ్లెవరికో ఫోన్‌లో ఫొటో తీసి పంపుతారు. అందులో ‘మార్జిన్ పాజిటివ్’ అన్న మాట దగ్గర అందరూ ఆగిపోతారు. పాజిటివ్ అంటే మంచిదే కదా అని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. కరోనా రోజులు గుర్తున్నవాళ్లు, అయితే ఆపరేషన్ ఫెయిలైనట్టే అని టెన్షన్ పడతారు. రెండూ తప్పే. ఆ మాట చెప్పేది ఒక చోటు గురించి మాత్రమే. డాక్టర్లు తర్వాత తీసుకునే నిర్ణయమంతా ఆ చోటు ఎక్కడుందన్న దానిమీదే నడుస్తుంది.

మార్జిన్ ప్రశ్న రొమ్ము, ప్రోస్టేటు, పేగు క్యాన్సర్లలోనూ వస్తుంది. ఒక్కోదానిలో దాని లెక్క వేరు. ఈ వ్యాసం బుగ్గ లోపలి క్యాన్సర్‌కే పరిమితం. టంగుటూరు, కొండపి, పొదిలి, కలిగిరి వైపు పొగాకు వేలం కేంద్రాల చుట్టూ బతికే ఊళ్లలో ఈ జబ్బు పేరు కొత్త కాదు. పొగాకు పండించినంత మాత్రాన అది రాదు. ఖైనీనో గుట్కానో ఏళ్ల తరబడి బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కిపెట్టుకోవడం వల్ల, సరిగ్గా ఆ నొక్కిన చోటే పుండు లేస్తుంది.

అంచును ఎలా చూస్తారు

సర్జన్ కంటికి కనిపించే పుండును మాత్రమే తీయడు. చుట్టూ, అడుగునా కనీసం ఒక సెంటీమీటరు మంచి కండను కలుపుకుని తీస్తాడు. క్యాన్సర్ కంటికి కనిపించే గీత దగ్గర ఆగదు కాబట్టి ఈ జాగ్రత్త. చెట్టు వేళ్లలా సన్నటి పోగులు కండలోకి, నరాల వెంట సాగి ఉంటాయి. తీసిన ముక్కకు దారాలు కడతారు: పొడుగు దారం పెదవి వైపు, పొట్టి దారం పై వైపు అన్నట్టు. లేకపోతే ల్యాబ్‌కు వెళ్లాక ఏ అంచు నోటిలో ఏ వైపుదో ఎవరికీ తెలియదు.

ల్యాబ్‌లో ముక్క బయటి అంచులన్నిటికీ రంగు సిరా పూస్తారు. కొన్నిచోట్ల ఒక్కో వైపుకు ఒక్కో రంగు. ఫార్మాలిన్‌లో గట్టిపడ్డాక రొట్టెను కోసినట్టు పలకలుగా కోసి, మైనంలో బిగించి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచని పొరలు తీసి గాజు పలక మీద పరుస్తారు. మైక్రోస్కోపులో సిరా గీత సన్నటి రంగు అంచులా కనబడుతుంది. క్యాన్సర్ కణాలు ఆ గీతకు ఎంత దూరంలో ఆగాయో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ దూరమే మార్జిన్.

నోటి క్యాన్సర్‌లో ఆ దూరం 5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే క్లియర్ అంటారు. అంతకు తగ్గితే క్లోజ్, అంటే దగ్గరగా ఉన్నట్టు. క్యాన్సర్ సిరాను తాకితే పాజిటివ్. చాలా ల్యాబులు 1 మిల్లీమీటరు కన్నా తక్కువ ఉన్నదాన్ని కూడా పాజిటివ్‌లోనే కలుపుతాయి. అందువల్ల ఒకే ముక్కను ఒక ల్యాబు క్లోజ్ అనొచ్చు, ఇంకో ల్యాబు పాజిటివ్ అనొచ్చు. మాట కన్నా పక్కనున్న అంకె ముఖ్యం.

సర్జన్ సెంటీమీటరు వదిలి కోస్తే రిపోర్టులో 6 మిల్లీమీటర్లు ఎందుకు వస్తుందని ఇంట్లోవాళ్లు అడగడం మామూలే. దానికి కారణం ఉంది. కోసిన మరుక్షణమే కండ లోపలికి ముడుచుకుంటుంది. ఫార్మాలిన్‌లో ఇంకొంచెం కుంచించుకుపోతుంది. నోటి లోపలి పొర ఇలా నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గిపోవచ్చు. నోటిలో కొలిచిన 10 మిల్లీమీటర్లు గాజు పలక మీద 6 అయితే, అక్కడ తేడా ఏమీ జరగనట్టే.

పాజిటివ్ ఎందుకు వస్తుంది

సర్జన్ తక్కువ తీశాడనే అనుమానం ముందు వస్తుంది. అలా జరగదని కాదు. కానీ బుగ్గలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పక్క అంచులు కావు, అడుగు అంచు. పక్క అంచులను కంటితో చూస్తూ కోయొచ్చు. అడుగున ఎంత లోతుకు వేళ్లు దిగాయో వేలితో తడిమి, స్కాన్ చూసి అంచనా కట్టాలి. బుగ్గ మందం కూడా తక్కువే. లోపలి పొర, దాని కింద పలుచటి కండ, కాస్త కొవ్వు, ఆ తర్వాత బయటి చర్మమే.

వెనక వైపు ఇంకో కష్టం. గుట్కా, వక్క ఎక్కువగా నమిలినవాళ్లలో బుగ్గలు లోపల గట్టి పట్టీల్లా బిగుసుకుపోతాయి. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. పుండు జ్ఞానదంతం వెనక్కు పాకి ఉంటే అక్కడ నమిలే కండరాలు, వాటి వెనక చెవి ముందరి లోతైన గూడు ఉంటాయి. దవడను చీల్చి తెరిచినా ఆ మూల కంటికి సరిగా అందదు. ఆ గూట్లోకి దిగిన పోగు పూర్తిగా రాకుండా కొంత మిగిలిపోతే అదే వెనక అంచులో పాజిటివ్‌గా తేలుతుంది.

ఆపరేషన్ టేబుల్ మీదే అంచును పరీక్షించే పద్ధతి ఉంది. ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. అనుమానంగా ఉన్న అంచు నుంచి చిన్న ముక్కను గడ్డకట్టించి, కోసి, అరగంటలోపు చెబుతారు. పాజిటివ్ అయితే అప్పుడే ఇంకాస్త తీస్తారు. ఇది అన్ని ఆసుపత్రుల్లో దొరకదు, పైగా అంచు మొత్తాన్నీ చూడలేదు. ఎముకను అలా కోయడం అసలు కుదరదు. దవడ ఎముకను ఆమ్లంలో నానబెట్టి మెత్తపరిచాకే కోయగలరు కాబట్టి దాని రిపోర్టు మిగతావాటికన్నా ఆలస్యంగా వస్తుంది.

నిజానికి పాజిటివ్ కాకపోయినా పాజిటివ్‌లా కనిపించే సందర్భాలూ ఉన్నాయి. ముక్క చిరిగితే సిరా ఆ చీలికలోంచి లోపలికి ఇంకి, క్యాన్సర్‌ను తాకినట్టు కనబడుతుంది. సర్జన్ ఒక అంచును పాజిటివ్ అవుతుందేమోనని ముందే విడిగా ఇంకో ముక్క తీసి వేరే డబ్బాలో పంపి ఉండొచ్చు. అప్పుడు అసలు అంచు ఆ రెండో డబ్బాలోది. పెద్ద ముక్క రిపోర్టు మాత్రమే చదివితే పాజిటివ్ అనిపిస్తుంది, రెండూ కలిపి చదివితే క్లియర్. అందుకే మళ్లీ కత్తి పట్టే ముందు సర్జన్, పాథాలజిస్టు ఎదురెదురుగా కూర్చుని, దారాలను బట్టి, రంగులను బట్టి ఆ చోటును నోటిలో చూపించుకోవాలి. ఫోన్‌లోనైనా సరే ఈ మాట జరగాలి. జరగకపోతే తర్వాతి అడుగంతా ఊహే.

ఒక ఉదాహరణ, రెండు దారులు

ఊహించిన ఒక కేసు తీసుకుందాం. కొండపి వైపు పొగాకు రైతు, 52 ఏళ్లు. ఎడమ బుగ్గ లోపల 2.8 సెంటీమీటర్ల పుండు. ఆపరేషన్‌లో పుండును, మెడలోని గ్రంథులను తీశారు. ఖాళీ అయిన బుగ్గను ముంజేతి నుంచి తెచ్చిన చర్మంతో కప్పారు. రిపోర్టులో ఇలా ఉంది: పుండు లోతు 9 మిల్లీమీటర్లు, మెడ గ్రంథులు 34 చూస్తే ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు, నరాల వెంట పాకలేదు. ఒక అంచు మాత్రం పాజిటివ్. ఆ అంచు ఏదన్నదాన్ని బట్టి ఇదే మనిషికి రెండు వేరు వేరు దారులు తెరుచుకుంటాయి.

మొదటిది, పాజిటివ్ అయినది ముందరి అంచు, పెదవి మూల దగ్గరిది అనుకుందాం. నోరు తెరిస్తే కనబడే చోటు. కొత్తగా కుట్టిన చర్మానికీ పెదవికీ మధ్య కుట్టు గీత ఉంది కాబట్టి ఎక్కడ తీయాలో వెతుక్కోనక్కర్లేదు. ఆ గీత వెంట ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ తీస్తే సరిపోవచ్చు. అతికించిన చర్మానికి రక్తం తెచ్చే నాళాలు మెడ వైపు ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. పెదవి కొంచెం లాగినట్టవుతుంది, అంతే. ఇక్కడ మళ్లీ ఆపరేషన్ చేయడమే సబబు. కొత్త పట్టీలో బయటి అంచు క్లియర్ వస్తే సిస్‌ప్లాటిన్ అవసరం సాధారణంగా తప్పుతుంది.

అయితే కరెంటు కూడా తప్పుతుందా అన్నచోట డాక్టర్లు అందరూ ఒకే మాట చెప్పరు. రెండోసారి క్లియర్ చేసిన అంచు, మొదటిసారే క్లియర్ వచ్చిన అంచుతో పూర్తిగా సమానం కాదు. అలాంటివాళ్లలో జబ్బు అదే చోట తిరగబెట్టడం కాస్త ఎక్కువ. ఎంతో కొంత లోతుకు పాకే స్వభావం ఉండబట్టే మొదటిసారి పాజిటివ్ వచ్చిందన్నది ఒక వివరణ. కాబట్టి లోతు 9 మిల్లీమీటర్లున్న ఈ కేసులో చాలామంది రేడియేషన్ సలహా ఇస్తారు, ఇంజెక్షన్ లేకుండా. మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నాం కదా, మళ్లీ ఇదేమిటని ఇంట్లోవాళ్లకు అనిపించడం సహజమే. ఆ రెండో ఆపరేషన్ వల్ల తప్పింది ఇంజెక్షన్, కరెంటు కాదు అన్నమాట ముందే చెప్పి ఉంటే ఆ గొడవ రాదు.

రెండోది, పాజిటివ్ అయినది వెనక అడుగు అంచు, నమిలే కండరాల దగ్గరిది అనుకుందాం. ఇక్కడ మళ్లీ వెళ్లాలంటే అతికించిన చర్మాన్ని లేపాలి. పది రోజుల క్రితం కలిపిన సన్నటి రక్తనాళాలు తెగితే చర్మం చచ్చిపోతుంది. అంతా తెరిచి లోపలికి వెళ్లినా, సిరా తాకిన ఆ 3, 4 మిల్లీమీటర్ల చోటు ఆ గూట్లో ఎక్కడుందో గుర్తుపట్టడం కష్టం. కండలు ముడుచుకుని, వాచి, చోటు మారిపోయి ఉంటాయి. తీసినా మళ్లీ పాజిటివ్ రాదన్న హామీ లేదు. నోరు తెరుచుకోవడం ఇంకా తగ్గుతుంది. ఇక్కడ రేడియేషన్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇవ్వడమే మామూలు నిర్ణయం.

రెండింటి మధ్యలో బుగ్గ అడుగు అంచు ఒకటుంది, చర్మం వైపుది. అక్కడ మళ్లీ తీయడమంటే బయటి బుగ్గ చర్మాన్ని కూడా తీసి, ఛాతీ నుంచి కండ తెచ్చి రెండు వైపులా కప్పడం. సాధ్యమే, కానీ మొహం మారిపోతుంది. ఇలాంటిచోట ఒక ఆసుపత్రి ఆపరేషన్ అంటే ఇంకో ఆసుపత్రి కరెంటు అనొచ్చు. ఒకరు తప్పు, ఇంకొకరు ఒప్పు అనుకోనక్కర్లేదు. ఈ రకం కేసులోనే రెండో అభిప్రాయానికి నిజంగా విలువుంటుంది.

కరెంటు ఒక్కటే ఎందుకు చాలదు

పాజిటివ్ వస్తే రేడియేషన్ ఇచ్చేస్తే సరిపోతుందిగా, మళ్లీ కోయడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఆపరేషన్ అయిన చోట మచ్చకట్టిన కండలో రక్తప్రసారం, దాంతోపాటు ఆక్సిజన్ తగ్గుతుంది. రేడియేషన్ కణాన్ని చంపాలంటే ఆక్సిజన్ దాని పనికి సాయపడాలి. అందుకే మచ్చలో చిక్కుకున్న క్యాన్సర్ కణాలు కొంత మొండిగా ఉంటాయి. రేడియేషన్ ఇచ్చినా పాజిటివ్ అంచు వాళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం క్లియర్ అంచు వాళ్లకన్నా ఎక్కువే.

ఆ లోటు పూడ్చడానికే సిస్‌ప్లాటిన్. 2004లో ఐరోపాలో ఒకటి, అమెరికాలో ఒకటి, రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు కలిసి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత కరెంటు ఒక్కటే ఇచ్చినవాళ్లను, కరెంటుతోపాటు సిస్‌ప్లాటిన్ ఇచ్చినవాళ్లను పోల్చారు. ఐరోపా అధ్యయనంలో అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 40 శాతం నుంచి 53 శాతానికి పెరిగారు. మరుసటి ఏడాది రెండిటి లెక్కలూ కలిపి చూస్తే ఆ లాభం ముఖ్యంగా రెండు రకాల వాళ్లలో తేలింది: అంచు పాజిటివ్ వచ్చినవాళ్లు, మెడ గ్రంథి గోడ చీల్చుకుని క్యాన్సర్ బయటికొచ్చినవాళ్లు. మిగతావాళ్లకు ఇంజెక్షన్ బాధలే తప్ప అంత లాభం కనబడలేదు. రిపోర్టులో ఆ ఒక్క లైన్‌కు ఇంత బరువు రావడానికి కారణం ఇదే.

కరెంటు డోసును గ్రేలలో కొలుస్తారు. సాధారణంగా 60 నుంచి 66 గ్రే, రోజుకు 2 గ్రే చొప్పున, వారానికి అయిదు రోజులు. పాజిటివ్ అంచు ఉంటే 66 వైపు మొగ్గుతారు, అంటే 33 విడతలు. సిస్‌ప్లాటిన్‌ను మూడు వారాలకోసారి పెద్ద డోసుగానో, వారం వారం చిన్న డోసుగానో ఇస్తారు. కిడ్నీలు సరిగా లేనివాళ్లకు, చెవి వినబడనివాళ్లకు అది పనికిరాదు. డెబ్బై దాటినవాళ్లలో దాని లాభం బాగా తగ్గిపోతుంది. అలాంటివాళ్లలో అందే చోట ఉన్న పాజిటివ్ అంచును మళ్లీ కోయడం వైపు తూకం ఇంకా ఎక్కువగా మొగ్గుతుంది.

గడువు లెక్క

ఆపరేషన్ రోజు నుంచి ఆరు వారాల్లోపు కరెంటు మొదలవ్వాలన్నది సాధారణ నియమం. ఇంకో లెక్క కూడా చూస్తారు: ఆపరేషన్ రోజు నుంచి కరెంటు ఆఖరి రోజు దాకా మొత్తం 11 వారాలు దాటకుండా ఉంటే మేలు. 11 వారాలంటే 77 రోజులు. 33 విడతల కరెంటుకు శని, ఆదివారాలు కలుపుకుని దాదాపు 45 రోజులు పడుతుంది. 77లోంచి 45 తీసేస్తే 32. అంటే ఆరు వారాలు అనుకున్న గడువు నిజానికి నాలుగున్నర వారాలే.

ఆ 32 రోజుల్లో ఏమేం జరగాలో చూస్తే కష్టం అర్థమవుతుంది. రిపోర్టు పన్నెండో రోజుకు వచ్చిందనుకుందాం. మిగిలినవి ఇరవై రోజులు. కరెంటు తగిలే దవడలో పాడైన పళ్లు ఉంటే ముందే పీకించాలి. తర్వాత పీకితే ఎముక మానదు, కుళ్లిపోయే ప్రమాదం ఉంది. పీకిన చోటు మానడానికి పది, పద్నాలుగు రోజులు. మొహానికి ప్లాస్టిక్ మాస్క్ అచ్చు తీసి, స్కాన్ చేసి, ప్లాన్ గీయడానికి మరికొన్ని రోజులు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అయితే అనుమతి కూడా ఈ లోపే రావాలి. ఆపరేషన్ ఒకచోట, కరెంటు ఇంకోచోట అయితే ప్రయాణాలు అదనం. నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెన్నై, వెల్లూరు, తిరుపతి, గుంటూరు మధ్య ఇలా చీలిపోవడం సాధారణమే.

మళ్లీ ఆపరేషన్ కూడా ఈ లెక్కలోనే ఇమడాలి. దానికోసం కరెంటును ఎక్కువ వెనక్కి జరిపితే ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోయినట్టే. అందుకే చేయాలనుకుంటే రిపోర్టు వచ్చిన వారం, పది రోజుల్లో చేస్తారు. పళ్లు పీకే పని ఉంటే అదే మత్తులో చేసేయొచ్చు. చిన్న విషయంలా కనబడుతుంది కానీ దాంతో రెండు వారాలు కలిసొస్తాయి.

రొమ్ములో ఈ లెక్క ఎందుకు వేరు

ఇదే ఊళ్లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఒకామెకు మార్జిన్ 1 మిల్లీమీటరే ఉంటే డాక్టర్ క్లియర్ అని చెప్పి ఉండొచ్చు. బుగ్గకు 5 కావాలంటే రొమ్ముకు 1 ఎలా సరిపోయిందని అనుమానం రావడం సహజం. రొమ్మును ఉంచి గడ్డ మాత్రం తీసిన ఆపరేషన్ తర్వాత మొత్తం రొమ్ముకు కరెంటు ఇవ్వడం దాదాపు తప్పనిసరి. మందులు కూడా తోడవుతాయి. అందుకే అక్కడ చుట్టూ కండలోకి పాకిన క్యాన్సర్‌కు సిరాను తాకకపోతే చాలని 2014లో అమెరికా సర్జన్లు, రేడియేషన్ డాక్టర్ల సంఘాలు కలిసి తేల్చాయి. నోటిలో చిన్న పుండుకు ఆపరేషన్ ఒక్కటే చికిత్సగా మిగలొచ్చు. వెనక ఏదీ కాపు కాయనప్పుడు అంచు వెడల్పుగా ఉండాలి. ఒక అవయవం అంకెను ఇంకో అవయవానికి పెట్టి పోల్చకూడదు.

పక్క ఊరికి వెళ్లేటప్పుడు చేతిలో ఏముండాలి

రెండో అభిప్రాయానికో, కరెంటుకో వేరే ఆసుపత్రికి వెళ్లేవాళ్లు చాలాసార్లు రిపోర్టు కాగితం మాత్రమే పట్టుకెళ్తారు. అక్కడి పాథాలజిస్టు కాగితాన్ని చూసి అంచును మళ్లీ కొలవలేడు. గాజు స్లైడ్లు, మైనం బ్లాకులు కావాలి. ల్యాబు నుంచి రసీదు రాసి తీసుకోవచ్చు. వాటితోపాటు ఆపరేషన్ నోట్ అడగాలి. ఏ అంచు నుంచి విడిగా ముక్క తీశారు, దారాలు ఎటు కట్టారు, అతికించిన చర్మం ఎక్కడిది అన్నవి అందులోనే ఉంటాయి. పాజిటివ్ వస్తుందేమోనని సర్జన్‌కు ముందే అనుమానం ఉన్న చోట కొన్నిసార్లు లోపల సన్నటి టైటానియం క్లిప్పులు వదిలిపెడతారు. అవి స్కాన్‌లో తెల్లటి చుక్కల్లా కనబడి, కరెంటు ఎక్కడ ఎక్కువ పడాలో చూపిస్తాయి. ఆ సంగతి కూడా నోట్‌లోనే రాసి ఉంటుంది. నోట్ లేకపోతే రేడియేషన్ డాక్టర్ ఆ 4 మిల్లీమీటర్ల చోటు కోసం మొత్తం బుగ్గ వెనక భాగాన్నంతా ఎక్కువ డోసులోకి తీసుకోవాల్సి వస్తుంది.